సూది మాన్పించే జన్యుపరీక్ష

పంతొమ్మిదేళ్ల సన్నటి అమ్మాయి ఉందనుకుందాం. టైప్-1 షుగరని నాలుగేళ్లుగా ఇన్సులిన్ సూదులు వేసుకుంటోంది. తల్లికీ తాతకూ పాతికేళ్లలోపే షుగర్ వచ్చింది. డాక్టరుకు అనుమానం మొదలయ్యేది ఇక్కడే. పరీక్షిస్తే రక్తంలో టైప్-1 యాంటీబాడీలు లేవు. సి-పెప్టైడ్ బాగానే ఉంది, అంటే క్లోమం ఇంకా సొంతంగా ఇన్సులిన్ తయారుచేస్తోంది. టైప్-1లో ఇన్నేళ్లకు అది దాదాపు అడుగంటిపోతుంది.

అప్పుడే జన్యుపరీక్ష. హెచ్‌ఎన్‌ఎఫ్‌1ఎ అనే ఒక్క జన్యువులో లోపం తేలితే, చాలామందికి కొద్దిపాటి గ్లిక్లజైడ్ మాత్రే సరిపోతుంది. చక్కెరను పసిగట్టి ఇన్సులిన్ వదిలే క్రమంలో పైమెట్టు దెబ్బతింది. మాత్ర ఆ మెట్టును దాటి కిందిదాన్ని కదిలిస్తుంది. మోతాదు ఎక్కువైతే చక్కెర బాగా పడిపోతుంది కాబట్టి మార్పు డాక్టరు కనుసన్నల్లోనే జరగాలి. ఏళ్లు గడిచాక కొందరికి ఇన్సులిన్ మళ్లీ తప్పదు. ఆమెకు పుట్టే ప్రతి బిడ్డకూ ఈ లోపం సంక్రమించే అవకాశం 50 శాతం.