వార్తల్లో పదం: రిలీజ్ నోట్స్

2025 సెప్టెంబరు 22న నెయ్యిపై జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. బ్రౌజర్‌లో నడిచే బిల్లింగ్ యాప్‌లో దానివల్ల ఏం మారిందో దుకాణం సిబ్బందికి చెప్పే చిన్న కాగితమే రిలీజ్ నోట్స్.

ఏ వెర్షన్‌లో ఏం మార్చారో తేదీలవారీగా రాసుకునే చిట్టా చేంజ్‌లాగ్. అందులో ‘పన్ను పట్టిక సవరించాం’ అని ఉంటే ప్రోగ్రామర్‌కు సరిపోతుంది. కౌంటర్‌లో కూర్చున్నవారికి మాత్రం ఇలా విడమరచి రాయాలి: ‘పన్ను కలపక ముందు 500 రూపాయలున్న నెయ్యికి ఇకపై బిల్లు 525 రావాలి. 560 చూపిస్తే పాత పేజీయే తెరిచి ఉందని అర్థం. బిల్లు కొట్టకుండా పేజీని రీఫ్రెష్ చేయండి.’

వాపసుల సంగతీ తప్పక రాయాలి, గొడవలు వచ్చేది అక్కడే. 21న అమ్మిన డబ్బా 23న తిరిగొస్తే పాత రేటు ప్రకారం 560 ఇవ్వాలి. యాప్ పాత బిల్లు నంబరు అడిగేది అందుకే.