పదహారు రీఫండ్ల లెక్క

ఆన్‌లైన్‌లో కొన్న సరుకు మాటిమాటికీ తిప్పి పంపుతున్నారంటూ ఖాతా మూసేస్తే, చాలామంది కోపంలోనో కంగారులోనో ఒకటే రాస్తారు: "నేనే మోసమూ చేయలేదు. అన్నీ నిజమైన కారణాలే. దయచేసి నా ఖాతా తెరవండి." నిజంగా మోసం చేసినవాడు రాసేదీ ఇదే. చదివేవాళ్లకు ఇద్దరికీ తేడా ఎలా తెలుస్తుంది?

కంపెనీ చూసేది రీఫండ్ల సంఖ్య ఒక్కటే కాదు. ఎన్ని ఆర్డర్లకు ఎన్ని రీఫండ్లు, అందులో వస్తువు వెనక్కి రాకుండానే డబ్బు ఇచ్చినవి ఎన్ని, అదే చిరునామాతోనో ఫోన్ నంబరుతోనో మరో ఖాతా ఉందా అన్నవి సాధారణంగా పరిశీలనకు వస్తాయి. అన్నిటికంటే అనుమానం రేపేది రెండోది. డబ్బా ఖాళీగా వచ్చిందని చెప్పి ఫోను ఉంచుకునే మోసగాళ్లు ఉన్నారు కాబట్టి, డబ్బూ వస్తువూ రెండూ కొన్నవారి దగ్గరే ఉండిపోయిన ప్రతి సందర్భం వాళ్ల కంట్లో పడుతుంది. అప్పీలు ఉత్తరం జవాబు చెప్పాల్సింది ముఖ్యంగా దానికే.

హనుమకొండలో ఉండే ఒక గృహిణి సంగతి అనుకుందాం. ఏడాదిలో 58 ఆర్డర్లు, 16 రీఫండ్లు. నూటికి ఇరవై ఏడు పైనే. పైకి చూస్తే ఎవరికైనా ఎక్కువే అనిపిస్తుంది. ఖాతా మూసేశాక పాత ఆర్డర్లు తెరుచుకోకపోవచ్చు. కానీ ఈమెయిల్లో ఆర్డరు ఖరారైనట్టు, రీఫండ్ పంపినట్టు వచ్చిన సందేశాలు ఉంటాయి. డబ్బు జమైన తేదీ బ్యాంకు స్టేట్‌మెంటులో, కొరియర్ అబ్బాయి సరుకు తీసుకెళ్లినట్టు ఎస్సెమ్మెస్‌లో దొరుకుతాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే పదహారూ మూడు కుప్పలయ్యాయి.

పది వస్తువులు కంపెనీకి తిరిగి చేరాయి. వాటిలో ఎనిమిది సైజు కుదరని బట్టలు, ఒకటి పగిలిన గాజు గిన్నె, మరొకటి అడిగింది కాకుండా వచ్చిన చార్జరు. మూడు ఆర్డర్లు అసలు ఇంటికే రాలేదు. ఇంట్లో ఎవరూ లేరని రాసుకుని కొరియర్ వెనక్కి పంపేశాడు. ఇక మిగిలినవి మూడు, పగిలిన పింగాణీ కప్పులు. తిప్పి పంపనక్కర్లేదు, పారేయండి అని కస్టమర్ కేర్ వాళ్లే చెప్పారు. మూడూ ఒకే అమ్మకందారు పంపినవి, మొత్తం విలువ 1,140 రూపాయలు. అంటే వివరణ కావాల్సిన రీఫండ్లు నిజానికి మూడే.

ఉత్తరం ఇలా మొదలవ్వచ్చు: "నా 16 రీఫండ్లలో 10 వస్తువులు మీకు తిరిగి అందాయి. 3 నాకు చేరకముందే వెనక్కి వెళ్లాయి. మిగిలిన 3 పగిలిన కప్పులు. వాటిని పంపనక్కర్లేదని మీ సిబ్బంది ఇచ్చిన సమాధానాన్ని, నేను తీసిన ఫొటోలను జతచేస్తున్నాను." దాని కింద పదహారు వరుసల పట్టిక: ఆర్డర్ నంబరు, తేదీ, కారణం, వస్తువు ఇప్పుడు ఎక్కడుంది, ఆధారం. ఇంతే. పెళ్లిరోజు పాడైన కథ, పదేళ్ల విశ్వాసం లాంటివి రాయాలనిపిస్తుంది కానీ, వాటి వల్ల పట్టిక కిందికి జరగడం తప్ప లాభం లేదు.

ఒక్క చోట మాత్రం మనసు చంపుకోవాలి. ఆ ఎనిమిది బట్టల్లో నాలుగు, ఏది సరిపోతుందో చూద్దామని రెండేసి సైజులు తెప్పించుకుని ఒకటి తిప్పి పంపినవి. మోసం కాదు, కంపెనీ అనుమతించిన పనే. అయినా రవాణా ఖర్చు వాళ్లదే. ఆ సంగతి దాస్తే ఆర్డర్ల జాబితాలో ఎలాగూ కనిపిస్తుంది. "ఇకపై కొలతల పట్టిక చూసి ఒకే సైజు తెప్పించుకుంటాను, పగిలే వస్తువులు డెలివరీ సమయంలోనే విప్పి చూసి తీసుకుంటాను" అని ముందుగానే రాసేయడం మేలు. అదే ఇంట్లో తోడికోడలికి వేరే ఖాతా ఉంటే అదీ చెప్పాలి. జవాబు రాకముందే కొత్త నంబరుతో ఇంకో ఖాతా తెరవడం అన్నిటికన్నా చెడ్డ ఆలోచన. చిరునామా కలిసిందంటే రెండోదీ పోవచ్చు, అప్పీలు మీద నమ్మకమూ పోతుంది.

ఉత్తరాన్ని కస్టమర్ కేర్‌తో పాటు ఫిర్యాదుల అధికారికీ పంపాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి పేరు, సంప్రదించే వివరాలు కంపెనీ బయట పెట్టి తీరాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అయితే మూసిన ఖాతాను తిరిగి తెరిచి తీరాలనే నియమం ఆ నిబంధనల్లో లేదు.

డబ్బు సంగతి వేరు. రావాల్సిన రీఫండ్, వాలెట్‌లో చిక్కుకున్న సొమ్ము ఉంటే వాటిని ఖాతా అప్పీలులో కలపకుండా విడిగా, మొత్తం వేసి అడగాలి. అడిగినా ఇవ్వకపోతే 1915 నంబరు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు చెప్పవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. కంపెనీ ఆఫీసు ఏ నగరంలో ఉన్నా, ఆమె తన సొంత జిల్లాలోనే కేసు వేయవచ్చు.