కాకినాడ గంటలు ఎవరికి?

విదేశాల నుంచి ఓడల్లో వచ్చిన ముడి నూనె కాకినాడలోనూ, కృష్ణపట్నంలోనూ దిగుతుంది. అక్కడి రిఫైనరీల్లో శుద్ధయి లారీలెక్కుతుంది. ఈ రెండు చోట్లా రిఫైనరీ ఉన్న ఒక కంపెనీని ఊహించుకుందాం. అది పామాయిల్, సన్‌ఫ్లవర్ నూనె అమ్ముతుంది. లెక్క చేతిలో ఇమడాలని కొనే ఊళ్ళను రెండే తీసుకుంటాను, విశాఖపట్నం, రాజమండ్రి. అంకెలు నేను వేసుకున్నవే గానీ చిక్కు మాత్రం నిజమైనదే.

ఈ వారం విశాఖకు 12 లోడ్ల పామాయిల్, 8 లోడ్ల సన్‌ఫ్లవర్ కావాలి. రాజమండ్రికి 10 లోడ్ల పామాయిల్, 6 లోడ్ల సన్‌ఫ్లవర్. కాకినాడ నుంచి విశాఖకు లోడు కిరాయి 12 వేలు, రాజమండ్రికి 6 వేలు. కృష్ణపట్నం నుంచైతే విశాఖకు 42 వేలు, రాజమండ్రికి 30 వేలు. రెండు ఊళ్ళకూ కాకినాడే దగ్గర. మరి అన్నీ అక్కడి నుంచే పంపితే పోదా అంటే, కాకినాడ ప్లాంటు అంత సరుకు చేయలేదు.

ఎంత చేయగలదన్నది ఏ కొలతలో చెప్పాలి? ఇలాంటి లెక్కల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. ‘వారానికి ఇన్ని లోడ్లు’ అని రాస్తే రెండు నూనెలూ ప్లాంటుకు ఒకటేనని అన్నట్టు. అవి ఒకటి కావు. సన్‌ఫ్లవర్ గింజ పొట్టు నుంచి నూనెలోకి మైనం దిగుతుంది. దాన్ని తీయకుండా సీసాలో పోస్తే చలికాలంలో నూనె మసకబారుతుంది. అందుకే నూనెను చల్లబరిచి, మైనం గడ్డకట్టాక వడగడతారు. ఆ పనికి సమయం పడుతుంది. మన లెక్కలో పామాయిల్ లోడుకు ప్లాంటు 2 గంటలు, సన్‌ఫ్లవర్ లోడుకు 3 గంటలు పని చేయాలనుకుందాం. అప్పుడు సామర్థ్యాన్ని గంటల్లో చెప్పొచ్చు. వారానికి కాకినాడకు 62 గంటలు, కృష్ణపట్నానికి 60 గంటలు.

ఒకే సరుకును పలు చోట్ల నుంచి పలు ఊళ్ళకు తక్కువ ఖర్చుతో పంపే లెక్కను అమెరికాలో ఫ్రాంక్ హిచ్‌కాక్ 1941లోనే రాశాడు. 1947లో జార్జ్ డాంట్జిగ్ సింప్లెక్స్ పద్ధతి కనిపెట్టాక ఇలాంటివెన్నో క్రమపద్ధతిలో తేలడం మొదలైంది. సరుకులు రెండైనంత మాత్రాన లెక్క కొత్తదైపోదు. నూనెకో యంత్రం విడిగా ఉంటే రెండు హిచ్‌కాక్ లెక్కలు వేరువేరుగా చేసుకుంటే చాలు. రెండు నూనెలూ ఒకే ప్లాంటు గంటల కోసం పోటీ పడుతున్నప్పుడే అవి ఒకదానితో ఒకటి ముడిపడతాయి.

ఇక రాయడం. ఏ ప్లాంటు నుంచి, ఏ ఊరికి, ఏ నూనె, ఎన్ని లోడ్లు అన్నవే మనం తేల్చాల్సినవి. రెండు ప్లాంట్లు, రెండు ఊళ్ళు, రెండు నూనెలు కాబట్టి ఎనిమిది సంఖ్యలు. కాకినాడకు K, కృష్ణపట్నానికి N, విశాఖకు V, రాజమండ్రికి R, పామాయిల్‌కు p, సన్‌ఫ్లవర్‌కు s పెట్టుకుందాం. KVp అంటే కాకినాడ నుంచి విశాఖకు వెళ్ళే పామాయిల్ లోడ్లు. కిరాయిలు వేల రూపాయల్లో ఉన్నాయి.

```
min: 12 KVp + 12 KVs + 6 KRp + 6 KRs
   + 42 NVp + 42 NVs + 30 NRp + 30 NRs;
2 KVp + 2 KRp + 3 KVs + 3 KRs <= 62;
2 NVp + 2 NRp + 3 NVs + 3 NRs <= 60;
KVp + NVp >= 12;
KVs + NVs >= 8;
KRp + NRp >= 10;
KRs + NRs >= 6;
```

మొదటి వాక్యం మొత్తం కిరాయి. దాన్ని వీలైనంత తగ్గించాలి. తర్వాతి రెండూ ప్లాంట్ల గంటలు, చివరి నాలుగూ ఊళ్ళ గిరాకీ. గిరాకీ దగ్గర గుర్తు జాగ్రత్తగా చూడాలి. ‘విశాఖకు 12 లోడ్లకు మించి అక్కర్లేదు కదా’ అని `<=` పెడితే, ఒక్క లారీ కూడా కదలకుండా సున్నా ఖర్చు చూపిస్తుంది. కిరాయి తగ్గించమన్నాం, అంతకంటే తక్కువ ఇంకేముంటుంది?

ఇప్పుడు అనుభవమున్న డిస్పాచ్ మనిషి ఎలా ఆలోచిస్తాడో చూద్దాం. కృష్ణపట్నం నుంచి పంపితే విశాఖ లోడుకు 30 వేలు అదనం, రాజమండ్రి లోడుకు 24 వేలు అదనం. కాబట్టి ముందు విశాఖకు కావలసినదంతా కాకినాడలో చేయిస్తాడు. దానికి 48 గంటలు పోతాయి. మిగిలిన 14 గంటల్లో రాజమండ్రికి 7 లోడ్ల పామాయిల్ వస్తుంది. మిగతా 9 లోడ్లు కృష్ణపట్నం నుంచి రావాలి. మొత్తం కిరాయి 5 లక్షల 52 వేలు. చూడ్డానికి ఎక్కడా తప్పు లేదు.

కానీ కాకినాడలో కొరతగా ఉన్నవి గంటలు. కనుక లోడుకు ఎంత మిగులుతుందని కాక, గంటకు ఎంత మిగులుతుందని అడగాలి. విశాఖ పామాయిల్ గంటకు 15 వేలు మిగులుస్తుంది. విశాఖ సన్‌ఫ్లవర్ 3 గంటలు తిని 30 వేలు మిగులుస్తుంది, అంటే గంటకు 10 వేలే. రాజమండ్రి పామాయిల్ 2 గంటల్లో 24 వేలు, గంటకు 12 వేలు. చివరిది రాజమండ్రి సన్‌ఫ్లవర్, గంటకు 8 వేలు. దూరపు ఊరి సన్‌ఫ్లవర్ కంటే దగ్గరి ఊరి పామాయిల్‌కే కాకినాడ గంటలు ముందుగా దక్కాలన్నమాట.

ఆ వరసలో రెండు ఊళ్ళ పామాయిల్ మొత్తం కాకినాడలో చేస్తే 44 గంటలు. మిగిలిన 18 గంటల్లో విశాఖకు 6 లోడ్ల సన్‌ఫ్లవర్. విశాఖకు తక్కువైన 2 లోడ్లు, రాజమండ్రికి కావలసిన 6 లోడ్లు, అన్నీ సన్‌ఫ్లవరే, కృష్ణపట్నం నుంచి. కిరాయి 5 లక్షల 40 వేలు. వారానికి 12 వేలు తగ్గింది. సాల్వర్ ఇచ్చే జవాబూ ఇదే. ఇంత చిన్న లెక్క గనుక చేత్తో తేలింది. పది ప్లాంట్లు, నలభై ఊళ్ళు ఉంటే ఈ వరస కంటికి కనబడదు.

జవాబు వచ్చాక దాన్ని మళ్ళీ ప్లాంటు గంటల్లోకి మార్చి చూసుకోవాలి. పామాయిల్‌కు 62, సన్‌ఫ్లవర్‌కు 62 అని సామర్థ్యాన్ని పొరపాటున విడివిడిగా రాస్తే, అంతా కాకినాడ నుంచే పంపమని, కిరాయి 3 లక్షల 36 వేలేనని వస్తుంది. ఎంత చవకో! కానీ ఆ 36 లోడ్లకు గంటలు కూడితే 86 అవుతాయి. ఉన్నవి 62.

ఇంకో తేడా కూడా ఉంది. హిచ్‌కాక్ లెక్కలో సరఫరా, గిరాకీ పూర్ణాంకాలైతే లోడ్లు కూడా పూర్ణాంకాల్లోనే తెచ్చుకోవచ్చు. గంటలు పంచుకునే లెక్కకు ఆ భరోసా లేదు. కాకినాడకు 62 బదులు 60 గంటలుంటే విశాఖ సన్‌ఫ్లవర్ 5 లోడ్లు, ఆపైన మూడో వంతు అని వస్తుంది. మూడో వంతు లారీ పంపలేం కాబట్టి, లోడ్లు పూర్ణాంకాలే కావాలని విడిగా షరతు పెట్టాలి.

లెక్కతో పాటు సాల్వర్ మరో అంకె ఇస్తుంది, షాడో ప్రైస్. కాకినాడకు ఒక గంట అదనంగా దొరికితే కిరాయి ఎంత తగ్గుతుందో చెబుతుంది. ఇక్కడ అది 10 వేలు. ఓవర్‌టైమ్ గంటకు 9 వేలు పడితే ఆదివారం ప్లాంటు నడపడం లాభమే, అయితే 6 గంటల వరకే. ఆ 6 గంటల్లో విశాఖకు చేయాల్సిన 2 లోడ్ల సన్‌ఫ్లవర్ కూడా కాకినాడకు వచ్చేస్తుంది. ఏడో గంట నుంచి మిగిలేది రాజమండ్రి సన్‌ఫ్లవరే, గంటకు 8 వేలే.

ఒక నూనె నుంచి ఇంకో నూనెకు మారేటప్పుడు లైను కడిగే సమయం ఈ లెక్కలో లేదు. ఆ సమయం లోడ్లతో పాటు పెరగదు. ఒక్క లోడు చేసినా అంతే పడుతుంది. అందుకని ఇలాంటి సమీకరణంలో నేరుగా ఇమడదు. కాకినాడలో కడగడానికి 3 గంటలు పోతాయనుకోండి. అప్పుడు ఒక సన్‌ఫ్లవర్ లోడు కృష్ణపట్నానికి మారి, కిరాయి 5 లక్షల 70 వేలవుతుంది. కడగడమే వద్దని కాకినాడలో పామాయిల్ మాత్రమే చేస్తే 7 లక్షల 20 వేలు. ఈ అంకెలతో కాకినాడలో లైను కడుక్కోవడమే చవక. కృష్ణపట్నానికైతే ఆ బాధే లేదు, అక్కడ వారమంతా సన్‌ఫ్లవరే నడుస్తుంది.