ధర తగ్గకుండానే తెగే గీత

షేర్ల చార్టులు చూసే అలవాటున్నవాళ్లకు ఈ బొమ్మ ఎప్పుడో ఒకప్పుడు తగిలే ఉంటుంది. ధర పెరుగుతోంది. పడిన ప్రతిసారీ అంతకుముందు ఆగినచోటికన్నా పైనే ఆగుతోంది, లేచిన ప్రతిసారీ కొత్త గరిష్ఠం తాకుతోంది. పై కొనలన్నిటినీ కలుపుతూ ఒక గీత, కింది కొనలన్నిటినీ కలుపుతూ ఇంకో గీత గీస్తే రెండూ పైకే వెళ్తుంటాయి. కానీ కింది గీత మరింత నిటారుగా ఉండటంతో పోనుపోను రెండూ దగ్గరపడి, కట్టెలు పగలగొట్టే చీలలా ఒక కొస సన్నబడుతుంది. దీన్నే రైజింగ్ వెడ్జ్ అంటారు. ధర పడుతూ ఉండగా, పై గీత ఎక్కువ ఏటవాలుగా దిగుతూ కింది గీతకు దగ్గరైతే అది ఫాలింగ్ వెడ్జ్.

చూడ్డానికి రైజింగ్ వెడ్జ్‌లో అంతా బాగానే ఉంటుంది. అయినా ఇది ఎక్కువసార్లు కిందికే తెగుతుంది, ఫాలింగ్ వెడ్జ్ పైకి తెగుతుంది. ఎందుకు? దీనికి మామూలుగా చెప్పే జవాబు మదుపరుల మనస్తత్వం. అది నిజమే. అయితే అంతకన్నా ముందు చెప్పుకోవాల్సిన జవాబు ఆ రెండు గీతల లెక్కలోనే ఉంది. చాలామంది దాన్ని పట్టించుకోరు.

ఒక ఊహా షేరుతో చూద్దాం. 300 నుంచి పెరుగుతూ వచ్చిన ధర 400 తాకింది. ఆ రోజును సున్నా అనుకుందాం. అక్కణ్నుంచి జారి 10వ రోజున 380 దగ్గర ఆగింది. 20వ రోజుకు 412కు లేచింది, 30వ రోజుకు 400కు దిగింది. 40వ రోజున 424, 50వ రోజున 420. పై కొనలు 20 రోజులకు 12 రూపాయల చొప్పున పెరిగాయి, అంటే రోజుకు 60 పైసలు. కింది కొనలు అదే 20 రోజులకు 20 రూపాయలు పెరిగాయి, అంటే రోజుకు ఒక రూపాయి. 10వ రోజున గీతల మధ్య 26 రూపాయల జాగా ఉంటే, 50వ రోజుకు మిగిలింది 10 రూపాయలే. ఇలాగే పోతే 75వ రోజున రెండూ కలిసిపోతాయి.

ఇప్పుడు 54వ రోజున ధర 427కు చేరి అక్కడే కూర్చుందనుకోండి. పై గీత అప్పటికి 432 దాటింది, ధర దాన్ని అందుకోలేదు. కింది గీత మాత్రం ఆగదు కదా, రోజుకో రూపాయి చొప్పున ఎక్కుతూనే ఉంటుంది. 57వ రోజున 427 దగ్గరికి వచ్చేస్తుంది. 58వ రోజుకు గీత తెగింది! షేరు మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

రైజింగ్ వెడ్జ్‌లో నిలబడాలంటే ధర పెరగాలి, పైగా ఆగకుండా పెరగాలి. పడితే కింది గీత తెగుతుంది, కదలకుండా ఉన్నా కింది గీతే తెగుతుంది, నెమ్మదిగా పెరిగినా అదే తెగుతుంది. పై గీత తెగాలంటే మాత్రం వేగం పుంజుకోవాలి. ధర ఎటు పోతుందో ఎవరికీ తెలియని మార్కెట్లో కూడా ఈ ఆకారం కిందికి తెగే అవకాశమే ఎక్కువ. ఫాలింగ్ వెడ్జ్‌లో ఇదంతా తిరగబడుతుంది. అక్కడ అమ్మకాలు కాస్త నెమ్మదించినా చాలు, ఏటవాలుగా దిగుతున్న పై గీత వచ్చి ధరను దాటిపోతుంది.

మార్కెట్ మనుషుల సంగతి ఇక్కడినుంచి మొదలవుతుంది. మన షేరులో దిగుళ్లు 20, 12, 4 రూపాయలుగా చిన్నవవుతూ వచ్చాయి. తగ్గినప్పుడు కొందామని కాచుక్కూర్చున్నవాళ్లు ఓపిక పట్టలేక ముందే కొనేస్తున్నారని అర్థం. ఇది బలంగానే కనిపిస్తుంది. కానీ లేవడం కూడా 32, 24, 7 రూపాయలకు కుదించుకుపోయింది. కొనాలనుకున్నవాళ్లు చాలావరకు కొనేశారు, వాళ్ల వెనక వచ్చేవాళ్లు తగ్గిపోతున్నారు. మంచి వెడ్జ్‌లో ట్రేడింగ్ వాల్యూమ్ కూడా మెల్లమెల్లగా తగ్గుతూ రావడానికి కారణం ఇదే. 1948లో చార్ట్ విశ్లేషణ మీద తొలి పెద్ద పుస్తకాల్లో ఒకటి రాసిన రాబర్ట్ ఎడ్వర్డ్స్, జాన్ మెగీలు ఈ తేడాను చక్కగా పట్టుకున్నారు. పై గీత అడ్డంగా ఉండే త్రిభుజంలో ఒక ధర దగ్గర అమ్మకందార్లు గోడ కట్టి ఉంటారు. వాళ్ల సరుకు అయిపోతే ధర పైకి దూసుకుపోతుంది. వెడ్జ్‌లో అలాంటి గోడ లేదు, కొనేవాళ్ల ఆసక్తే నీరసిస్తుంది.

ఇంకో చిక్కు స్టాప్‌లాస్‌లతో వస్తుంది. 380లో కొన్నవాళ్లు లాభం కాపాడుకోవడానికి తమ స్టాప్‌లాస్‌ను గీతతోపాటే పైకి జరుపుతూ వస్తారు. 400లో కొన్నవాళ్లూ అంతే. 420లో కొన్నవాళ్లు ఆ ధరకు కాస్త కింద పెడతారు. వేర్వేరు ధరల్లో కొన్న వీళ్లందరి అమ్మకం ఆర్డర్లూ చివరికి నాలుగైదు రూపాయల మేరలో పోగుపడతాయి. ధర 420 కిందికి జారితే అవి ఒకదాని వెనక ఒకటి అంటుకుంటాయి. అడ్డుకోవాల్సిన కొనుగోలుదార్లేమో అప్పటికే కొనేసి, అమ్మేవాళ్లలో కలిసిపోయారు. తర్వాత చెప్పుకోదగ్గ మద్దతు 400 దగ్గర, ఆపైన వెడ్జ్ మొదలైన 380 దగ్గర మాత్రమే ఉంది.

అందుకే గీత తెగడం, ధర పడటం రెండూ ఒకటి కావు. చార్ట్ నమూనాలను వేలల్లో లెక్కగట్టిన థామస్ బుల్కోవ్‌స్కీ అంకెల్లోనూ ఇదే కనిపిస్తుంది. బుల్ మార్కెట్లో రైజింగ్ వెడ్జ్‌లు సుమారు 60 శాతం కిందికి తెగాయి, కానీ తెగినవాటిలో దాదాపు సగం 5 శాతం కూడా పడలేదు. ఫాలింగ్ వెడ్జ్‌లు సుమారు 68 శాతం పైకి తెగాయి, తెగాక నిలబడటంలోనూ ఇవే మెరుగు. అయితే వీటికి ఓపిక కావాలి. రైజింగ్ వెడ్జ్ నిజంగా తెగితే ధర చకచకా పడుతుందనీ, ఫాలింగ్ వెడ్జ్ తెగాక కొన్నాళ్లు అడ్డంగా సాగి, ఆ తర్వాతే లేస్తుందనీ ఎడ్వర్డ్స్, మెగీలు రాశారు. పడటానికి కొనేవాళ్లు తప్పుకుంటే చాలు, లేవడానికి కొత్త డబ్బు రావాలి. అందుకే పైకి తెగేటప్పుడు వాల్యూమ్ పెరిగిందా లేదా అన్నది తప్పక చూడాలి.

నేనైతే గీతకన్నా చివరి కనిష్ఠానికే ఎక్కువ విలువ ఇస్తాను. మన షేరులో 58వ రోజున గీత తెగినా 420 చెక్కుచెదరలేదు. ధర 425, 430 మధ్య రెండు వారాలు తిరిగి మళ్లీ పెరగనూ వచ్చు, అలాంటప్పుడు వెడ్జ్‌ను నమ్మి అమ్మినవాళ్లకు నష్టమే. 420 కింద రోజు ముగిస్తే అది వేరే కథ. పెరుగుతూ వచ్చిన కనిష్ఠాల వరస అక్కడ నిజంగా ఆగింది, అమ్మకాలు మొదలయ్యాయి. ఫాలింగ్ వెడ్జ్‌లో ఇదే పరీక్ష చివరి గరిష్ఠం మీద పెట్టుకోవాలి.

వెడ్జ్ అసలు ఉందా లేదా అన్న అనుమానం కూడా ఆరోగ్యకరమైనదే. ఏ రెండు కొనలు కలిపినా గీత వస్తుంది, సమాంతరంగా లేని ఏ రెండు గీతలైనా ఎక్కడో ఒకచోట కలుస్తాయి. కనీసం అయిదు తాకుడులు, అంటే ఒక గీతకు మూడు, ఇంకోదానికి రెండు ఉంటేనే చాలామంది విశ్లేషకులు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఎక్కువమంది చేసే పొరపాటు ఆ తర్వాత వస్తుంది. గీత తెగగానే దాన్ని చెరిపి, కాస్త వాలుగా ఇంకోటి గీసి, ఇంకా తెగలేదని సర్దిచెప్పుకుంటారు. తేదీ వేసి, మొదటి గీతను అలాగే ఉంచిన చార్టు దగ్గరుంటే ఆ అవకాశం ఉండదు.

మన దేశంలో చిన్న మదుపరికి ఇంకో హద్దు ఉంది. నగదు మార్కెట్లో చేతిలో లేని షేరును అమ్మి మర్నాటిదాకా మోయడం కుదరదు, అదే రోజు తిరిగి కొనాలి. రైజింగ్ వెడ్జ్ మీద పడుతుందని పందెం కాయాలంటే ఫ్యూచర్స్‌కో ఆప్షన్స్‌కో వెళ్లాలి. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో అక్కడ ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనమే చెప్పింది. కాబట్టి ఆ షేరు ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లకే ఈ బొమ్మ ఎక్కువ పనికొస్తుంది. 427 దగ్గర ఇంకొన్ని కొనాలన్న తొందర వద్దనీ, 420 కింద ముగిస్తే ఎంత అమ్మాలో ముందే రాసిపెట్టుకోమనీ అది చెబుతుంది.