మూడు రొట్టెలా, గరిటెడు అన్నమా?

షుగర్ ఉందని తేలగానే చాలా ఇళ్లలో మధ్యాహ్నం అన్నం పోయి జొన్న రొట్టె వస్తుంది. జొన్నలో పీచు ఎక్కువ కాబట్టి ఆ మార్పు మంచిదే. అయితే రక్తంలో చక్కెర ఎంత పెరుగుతుందన్నది ఏం తిన్నామన్నదానితో పాటు ఎంత తిన్నామన్నదాని మీదా ఆధారపడుతుంది. అందుకే ఆహార పట్టికలో పదార్థం పక్కన కొలత ఉండాలి.

| పదార్థం | కొలత | పిండిపదార్థాలు (గ్రా., సుమారు) |
|---|---|---|
| అన్నం | 100 గ్రా. | 28 |
| పుల్కా | ఒకటి (30 గ్రా. పిండి) | 20 |
| జొన్న రొట్టె | ఒకటి (50 గ్రా. పిండి) | 34 |
| ముద్దపప్పు | చిన్న కప్పు (25 గ్రా. కందిపప్పు) | 14 |
| ఆలుగడ్డ కూర | 100 గ్రా. | 20 |
| బీరకాయ కూర | 100 గ్రా. | 4 |
| పెరుగు | 100 గ్రా. | 5 |

పట్టిక చదివేటప్పుడు ఎక్కువమంది ఒకచోట పొరబడతారు. వంద గ్రాముల అన్నానికి 28 గ్రాములైతే, వంద గ్రాముల బియ్యానికి దాదాపు 78. ఉడికేటప్పుడు బియ్యం నీళ్లు పీల్చుకుని బరువు పెరగడమే ఈ తేడాకు కారణం. ప్యాకెట్ల మీద ఉండే అంకె వండని సరుకుది. దాన్ని వండిన అన్నంతో పోల్చకూడదు. కంచంలోకి వచ్చిన కొలతలనే పోల్చాలి.

మధ్యాహ్న భోజనానికి 60 గ్రాముల పిండిపదార్థాలు చాలని డైటీషియన్ చెప్పారనుకుందాం. అన్నం మానేసిన ఒకాయన మూడు జొన్న రొట్టెలు, ముద్దపప్పు, వంద గ్రాముల ఆలుగడ్డ కూర, పెరుగు తింటే రొట్టెలకే 102, మొత్తం 141 గ్రాములు. రొట్టెల బదులు 250 గ్రాముల అన్నం తిన్నా మొత్తం 109 దగ్గరే ఆగేది. అదే ఒక్క రొట్టె, ముద్దపప్పు, 150 గ్రాముల బీరకాయ కూర, పెరుగు పెట్టుకుంటే 59. రొట్టె తీసి వంద గ్రాముల అన్నం పెట్టుకుంటే 53. అంటే అన్నం ఇష్టమైనవారు దాన్ని పూర్తిగా వదులుకోనక్కర్లేదు. కూర పెంచి అన్నం తగ్గించుకుంటే చాలు.

మొదటి వారం వంటింటి తూకంతో తూచండి. వంద గ్రాముల అన్నం మీ ఇంటి గరిటెతో ఎంతో తెలిశాక రోజూ తూచక్కర్లేదు. రొట్టెకైతే కాల్చాక కాదు, పిండినే తూచాలి.

ఈ లెక్క మీ ఒంటికి సరిపోయిందో లేదో గ్లూకోమీటర్ చెబుతుంది. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు చూసుకుంటే, గర్భిణులు కాని పెద్దల్లో సాధారణంగా 180 లోపు ఉండాలి. ఇన్సులిన్‌ గానీ, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడేవారు మాత్రం డాక్టర్‌కు చెప్పకుండా ఒక్కసారిగా అన్నం తగ్గించకూడదు. మందు మోతాదు అలాగే ఉండి తిండి తగ్గితే చెమటలు, వణుకు, కళ్లు తిరగడంతో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.