కొత్త హెడ్మాస్టరు మొదటి పది నిమిషాలు

జూన్ 12న బడి తలుపులు తెరిచేసరికే ఊరికి సంగతి తెలిసిపోయి ఉంటుంది. పాత హెడ్మాస్టరు వెళ్లిపోయారు, కొత్తాయన వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో టీచర్ల బదిలీలు ఎక్కువగా వేసవి సెలవుల్లోనే జరుగుతాయి. 2025లో వచ్చిన బదిలీల చట్టం ప్రకారం హెడ్మాస్టరు ఒకే బడిలో 5 విద్యా సంవత్సరాలకు మించి ఉండకూడదు. మిగతా టీచర్లకు ఆ గడువు 8 ఏళ్లు. అంటే ఏ జిల్లా పరిషత్ హైస్కూల్లోనైనా, ఆరో తరగతిలో చేరిన పిల్ల పది పాసయ్యేలోపు హెడ్మాస్టరు ఒకసారైనా మారే అవకాశం ఎక్కువ. అలా వచ్చిన కొత్తాయన తల్లిదండ్రుల ముందు మొదటిసారి నిలబడి నమస్కారం చెప్పే సమావేశం గురించే ఈ వ్యాసం.

తల్లిదండ్రుల సమావేశాలు కొత్తవేమీ కావు. కానీ 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నింటిలో ఒకేరోజు మెగా పేరెంట్స్ టీచర్స్ మీటింగ్ పెట్టాక వాటికి పండగ రూపం వచ్చింది. తల్లులకు ముగ్గుల పోటీలు, తండ్రులకు తాడులాట కూడా పెట్టారు. తర్వాతి విద్యా సంవత్సరంలో 2025 జులై 10న, అంటే బడి తెరిచిన నెలలోపే జరిపారు. తేదీ, కార్యక్రమాల వరస పైనుంచి వస్తాయి. హెడ్మాస్టరు చేతిలో నిజంగా ఉండేది మైకు పట్టుకున్న ఆ కాసేపే.

ఆ కాసేపు ఎలా పోతుందో చాలాసార్లు చూశాం. వేదిక మీద సర్పంచి, ఎంపీటీసీ, దాతలు, పూర్వ విద్యార్థుల సంఘం పెద్దలు కూర్చుంటారు. ఒక్కొక్కరికీ శాలువా, ఒక్కొక్కరిదీ ప్రసంగం. హెడ్మాస్టరు వంతు వచ్చేసరికి ఎండ నెత్తికెక్కుతుంది. ఆయన తన ఎమ్మెస్సీ, బీఈడీల నుంచి మొదలుపెట్టి ఏయే మండలాల్లో పనిచేశారో, ఏ అవార్డు ఎప్పుడు వచ్చిందో చెప్పుకొస్తారు. తర్వాత ఎఫ్‌ఏ వన్, ఎస్‌ఏ టూ, ఏపార్ అంటూ ఆఫీసు భాషలోకి దిగుతారు. వెనక వరసలో తండ్రులు ఒక్కొక్కరే గేటు దగ్గరికి జారుకుంటారు. చివర్లో ‘ఏమైనా అడగాలా?’ అంటే ఎవరూ నోరు తెరవరు. ఎవరూ ఏమీ అడగలేదంటే అందరికీ అర్థమైందని కాదు. ఆ సమావేశం తమది కాదని వాళ్లు తేల్చుకున్నారని అర్థం.

మరి తల్లిదండ్రులు తెలుసుకోవాలనుకునేది ఏమిటి? పైకి అడగని ప్రశ్నలు మూడు ఉంటాయి. సారు ఊళ్లోనే ఉంటారా, రోజూ టౌను నుంచి వస్తారా అన్నది మొదటిది. ఊరి బస్సు తప్పితే బడికి ఆలస్యమయ్యే సారును ఊరు వారంలో పసిగడుతుంది. సారు ఎవరివాళ్లు అన్నది రెండోది. ఇంటిపేరు వినగానే కులం లెక్క కట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. ఆ మాట ఎవరూ మైకులో అడగరు, అరుగు మీద మాత్రం తప్పకుండా అడుగుతారు. సారు సొంత పిల్లలు ఏ బడిలో చదువుతున్నారన్నది మూడోది. ఇది కాస్త గుచ్చుకునే ప్రశ్నే. అయినా అడిగే హక్కు వాళ్లకుంది.

మొదటి ప్రశ్నకు ఎవరూ అడగకముందే జవాబు చెప్పేయడం మంచిది. రెండోదానికి మాటల్లో జవాబు ఉండదు. హెడ్మాస్టరు ఏ వీధి వాళ్లను ముందు పలకరించారు, ఎవరి ఇంటికి వెళ్లి టీ తాగారు అన్నవే జవాబులు. మూడోది ఎవరైనా అడిగితే ఉన్నదున్నట్టు ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోవాలి. ప్రైవేటులో చదివిస్తుంటే అదే చెప్పాలి. అందుకు సంజాయిషీ మొదలుపెడితే ఆ పూట మిగతా మాటలేవీ ఎవరికీ గుర్తుండవు.

ఒక ఉదాహరణ అనుకుందాం. 6 నుంచి 10 వరకు సుమారు 180 మంది పిల్లలున్న జిల్లా పరిషత్ హైస్కూలు. చుట్టుపక్కల నాలుగు ఊళ్ల ప్రాథమిక బడుల నుంచి పిల్లలు ఆరో తరగతికి వస్తారు. కొత్త హెడ్మాస్టరుది లెక్కల సబ్జెక్టు. ఆయన మాట్లాడవలసిన తీరు దాదాపు ఇలా ఉంటుంది:

“అమ్మలకూ అయ్యలకూ నమస్కారం. పని మానుకుని వచ్చారు, మిమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టను. ముందుగా ఈ ఏడాదే ఆరో తరగతిలో పిల్లల్ని చేర్చినవాళ్లు ఒకసారి చెయ్యెత్తండి. మీకూ నాకూ ఈ బడి కొత్తే. మీ పిల్లలకు ఇన్నాళ్లూ ఒకరో ఇద్దరో టీచర్లు అన్నీ చెప్పారు. ఇక్కడ సబ్జెక్టుకొకరు వస్తారు. మొదటి నెల కాస్త తికమకపడతారు. పిల్ల ఇంటికొచ్చి ఏమీ అర్థం కావడం లేదంటే కంగారుపడకండి, వాళ్ల క్లాసు టీచరుకు చెప్పండి. ఆరో తరగతి క్లాసు టీచరు ఈమె. అమ్మా, ఒకసారి లేచి నిలబడండి.

“నేను లెక్కలు చెబుతాను. హెడ్మాస్టరునైనా పదో తరగతికి లెక్కల పీరియడ్లు కొన్ని నేనే తీసుకుంటాను. నా ఇల్లు టౌన్లో ఉంది. ఉదయం బస్సుకు వచ్చి ప్రార్థనకు ముందే బడిలో ఉంటాను. ఏ రోజైనా రాలేకపోతే ఆ రోజు బాధ్యత ఎవరిదో ఆఫీసు గోడ మీద రాసి ఉంటుంది. బడి వదిలాక ముప్పావుగంట ఆఫీసులోనే కూర్చుంటాను. ఎవరైనా రావచ్చు, ముందు చెప్పి రావాల్సిన పని లేదు.

“నాకంటే ముందున్న సారు ఇక్కడ సాయంత్రం చదువు నడిపారని తెలిసింది. అది ఆపడం లేదు. పిల్ల బడికి రాకపోతే ఉదయం 10.30 లోపు మీకు ఫోన్ వస్తుంది. అందుకని మీరు నిజంగా ఎత్తే నంబరు ఇవ్వండి, రీచార్జి అయిపోయిన నంబరు వద్దు.”

ఈ మాటల్లో డిగ్రీలు లేవు, అవార్డులు లేవు. ఆయన ఎవరన్నది ఆయన ఎక్కడ, ఎప్పుడు దొరుకుతారన్న దాంట్లోనే తెలిసిపోతుంది. పాత హెడ్మాస్టరును ఒక్క మాట కూడా అనకపోవడం కూడా గమనించాలి. వచ్చీ రాగానే ‘ఇక్కడ ఏ రికార్డూ సరిగ్గా లేదు’ అనే కొత్తాయనను చూస్తే, రేపు వచ్చేవాళ్ల దగ్గర తన గురించీ ఇలాగే వింటామని ఊరు అనుకుంటుంది.

అసలు హెడ్మాస్టరు పోస్టే ఖాళీగా ఉండి, సీనియర్ స్కూల్ అసిస్టెంటుకు పూర్తి అదనపు బాధ్యతలు అప్పగించిన బడులూ ఉన్నాయి. అక్కడ మాట్లాడే టీచరు తాను ఇన్‌చార్జినని దాచకూడదు. రేపు రెగ్యులర్ హెడ్మాస్టరు వస్తే ఇప్పుడిచ్చిన మాటలు ఏమవుతాయో కూడా చెప్పాలి. అలాంటి చోట ఏడాది పొడవునా చేస్తానని మాట ఇవ్వడం కంటే, సెప్టెంబరు దాకా ఏం జరుగుతుందో చెప్పడం నిజాయితీ.

ఈ సమావేశంలో తప్పకుండా వినిపించే మాట ఇంకొకటి ఉంది. ఓ తండ్రి లేచి, “కొట్టయినా సరే చదువు చెప్పండి సార్, మేమేమీ అనుకోం” అంటాడు. చుట్టూ నవ్వులు, తలూపడాలు. చాలామంది హెడ్మాస్టర్లు కూడా నవ్వి ఊరుకుంటారు. అది తప్పు. ఆ నవ్వు కొట్టమన్నట్టే అవుతుంది, మర్నాడు ఏ టీచరైనా దాన్ని పట్టుకుంటారు. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడాన్నీ, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది. తల్లిదండ్రులు ఒప్పుకున్నంత మాత్రాన ఆ నిషేధం పోదు. “నాన్నా, కొట్టడానికి చట్టం ఒప్పుకోదు, నేనూ ఒప్పుకోను. ఎవరైనా కొడితే ముందు నా దగ్గరికి రండి” అని అప్పుడే, అందరి ముందూ అనాలి. కొత్త హెడ్మాస్టరు ఎలాంటివారో ఆ టీచర్లకూ పిల్లలకూ తెలిసేది అప్పుడే.

ఇక డబ్బు సంగతి. 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం కింద పిల్లకు 15 వేల రూపాయలు మంజూరయ్యాయి. తల్లి ఖాతాలో 13 వేలు పడగా, మిగిలిన 2 వేలు బడి నిర్వహణకు కేటాయించారు. ఆ జులైలో ఎవరు మైకు ముట్టుకున్నా మొదటి ప్రశ్న అదే: ‘మా పాపకు ఎందుకు పడలేదు?’ ఒకరికి బ్యాంకు ఖాతా ఆధార్‌తో కలవలేదు, ఇంకొకరి ఇంట్లో కరెంటు 300 యూనిట్లు దాటింది. ఒక్కొక్కరిదీ ఒక్కో కథ, ఒక్కటీ హెడ్మాస్టరు చేతిలో ఉండదు. వేదిక మీదే వీటికి జవాబులు మొదలుపెడితే సమావేశం అక్కడితో ముగిసినట్టే. తెలివైన హెడ్మాస్టర్లు వరండాలో ఒక బల్ల వేసి, హాజరు రిజిస్టరూ పిల్లల జాబితా ఇచ్చి ఒక టీచరును కూర్చోబెడతారు. 75 శాతం హాజరు ఉందో లేదో అక్కడే చూసి చెబుతారు. బడి వైపు లోపం లేకపోతే గ్రామ సచివాలయంలో అర్జీ పెట్టుకోమని దారి చూపిస్తారు. లోపల సమావేశం తన దారిన సాగుతుంది.

స్వాగతం ఎవరికి ముందు అన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ ఊరు దాన్ని గట్టిగా పట్టించుకుంటుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. హెడ్మాస్టరు ఆ కమిటీకి కన్వీనరు. చట్టం లెక్కన చూస్తే ఆ పూట వేదిక మీద ముందు కూర్చోవలసింది ఆ కమిటీ ఛైర్మన్. ఆమె ఉపాధి కూలికి వెళ్లే తల్లి కావచ్చు. సర్పంచి గారిని గౌరవించవద్దని కాదు, ఆమె పేరు మొదట పిలవాలి. మైకు ఇస్తే రెండు మాటలు మాట్లాడతారా అని ముందురోజే ఇంటికి వెళ్లి అడగాలి. అలా అడగకుండా హఠాత్తుగా మైకు చేతికిస్తే ఆమె సిగ్గుపడి తిరిగి ఇచ్చేస్తుంది. మనమేమో ‘మహిళలు మాట్లాడరండీ’ అని సర్దుకుంటాం.

సమయం కూడా ఇలాంటిదే. జూన్, జులైల్లో తొలకరి పనులు, నాట్లు ఉంటాయి. పొద్దున 10 గంటల సమావేశం కూలివాళ్లకు ఒక పూట కూలి నష్టం. ప్రభుత్వం పెట్టిన తేదీ మార్చడానికి వీల్లేకపోవచ్చు. కానీ రాలేకపోయిన వాళ్ల కోసం మరో సాయంత్రం, పనుల నుంచి ఇళ్లకు వచ్చాక, ఆ వాడలోనే అరగంట కూర్చోవడాన్ని ఎవరూ ఆపరు. హాజరు పట్టికలో సంతకాలు, అప్‌లోడ్ చేయాల్సిన ఫొటోలు మొదటిరోజే అయిపోయి ఉంటాయి కాబట్టి రెండోసారి జరిగేది నిజమైన సమావేశం అవుతుందని నా నమ్మకం.

ఈ ఏడాది మీ పిల్లల బడిలో సమావేశం అంటే ఇంట్లో ఒకరైనా వెళ్లండి. కొత్త హెడ్మాస్టరు తమ గురించి ఎంత చెప్పినా మూడు విషయాలు మాత్రం అడిగి రాసుకుని రండి: ఆయన ఏ వేళ దొరుకుతారు, మీ పిల్ల క్లాసు టీచరు ఎవరు, తర్వాతి సమావేశం ఎప్పుడు. మీకిచ్చిన ఫోను నంబరుకు అక్కడే ఒక మిస్డ్ కాల్ కొట్టి చూసుకోండి.