ఈ బెల్టు కింద చెమట ఎటు పోతుంది?

వాచీని ఏసీ షాపులో నిలబడి ఎంచుకుంటాం. పెట్టుకునేది మాత్రం మే నెల ఎండలో, బస్సులో, బండి మీద. అందుకే డయల్ నచ్చాక ఒక్క ప్రశ్న వేసుకోవాలి: దీని కింద పట్టే చెమట ఎటు పోతుంది? తోలు దాన్ని పీల్చుకుంటుంది. రబ్బరు చర్మానికీ తనకూ మధ్య ఆపేస్తుంది. చైన్ సందుల్లోంచి వదిలేస్తుంది. వీటి మంచిచెడులు చాలావరకు ఈ తేడాలోనే ఉన్నాయి.

తోలు బెల్టు మొదట్లో హాయిగానే ఉంటుంది, తడిని తనలోకి లాగేసుకుంటుంది కాబట్టి. అయితే నీరు ఆరిపోయినా చెమటలోని ఉప్పు, ఒంటి జిడ్డు లోపలి పొరలోనే మిగిలిపోతాయి. ఆ పొర నల్లబడి, గట్టిపడి, ఎక్కువగా వంగే బకిల్ రంధ్రం దగ్గర ముందుగా పగులుతుంది. వాసన మొదలైతే కడిగి వదిలించడం కష్టం, ఎందుకంటే తడిసిన కొద్దీ తోలు పాడవుతుంది. రోజు విడిచి రోజు పెట్టుకుంటే పూర్తిగా ఆరే వ్యవధి దొరికి ఎక్కువకాలం మన్నుతుంది. ఏసీ గదిలో పనిచేసేవారికి, పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఇది చక్కగా సరిపోతుంది. ఎండలో తిరిగేవారికి రోజువారీ వాడకానికి పనికిరాదు.

రబ్బరు అని మనం పిలిచేవన్నీ ఒకటి కావు. సిలికాన్ మెత్తగా, చౌకగా ఉంటుంది కానీ దుమ్ము, నూలుపోగులు ఇట్టే అంటుకుంటాయి, పిన్ను దూరే చోట చిరగవచ్చు. ఎఫ్‌కేఎం అనే రకం ఖరీదెక్కువ. దుమ్ము అంతగా పట్టదు, చెమటకూ నూనెకూ తట్టుకుంటుంది. చవక డిజిటల్ వాచీలకు వచ్చే ప్లాస్టిక్ లాంటి బెల్టు కొన్నేళ్లకు పెళుసై విరుగుతుంది. ఏ రకమైనా చెమటను పీల్చదు కాబట్టి, బిగించి కట్టుకుంటే చర్మం కింద నాని ఎర్రబడుతుంది. లోపలివైపు గాడులున్నది తీసుకుని, సాయంత్రం బెల్టునూ మణికట్టునూ మంచినీళ్లతో కడిగి తుడుచుకుంటే ఆ బాధ చాలావరకు ఉండదు.

ఈతకు రబ్బరు బెల్టు మేలు. కానీ బెల్టు తడవకపోవడం వేరు, వాచీలోకి నీళ్లు పోకపోవడం వేరు. వెనక మూత మీద 30 మీటర్లు అని రాసి ఉంటే అది చేతులు కడుక్కునేటప్పుడు పడే చినుకుల వరకే. ఈతకు కనీసం 100 మీటర్ల వాచీ చూసుకోవాలి.

చైన్‌కు తడితో పేచీ లేదు. లింకుల మధ్య గాలి ఆడుతుంది. ఆ సందుల్లోనే జిడ్డు, దుమ్ము కలిసి నల్లటి మడ్డి చేరుతుంది. నీళ్లలో రెండు చుక్కల సబ్బు కలిపి మెత్తటి బ్రష్‌తో రుద్దితే పోతుంది. వాచీకి నీటిని ఆపే శక్తి లేకపోతే చైన్ విడదీశాకే కడగాలి. స్టీలులో సాధారణంగా నికెల్ ఉంటుంది, అది కొందరికి పడదు. దురద బెల్టు పొడవునా ఉంటే చెమట నిలిచిందని అనుమానించవచ్చు. లోహం తాకే చోట, అంటే బకిల్ కిందో వెనక మూత కిందో అచ్చుగుద్దినట్టు వస్తే నికెల్ కావచ్చు. అలాంటివారికి టైటానియం చైన్ మేలు.

ఇక సైజు. 15 సెంటీమీటర్ల సన్నని మణికట్టు ఉన్నవారు, మార్కెట్లో మోటారు సైకిల్ మీద రోజంతా తిరిగేవారు వాచీ కొంటున్నారనుకుందాం. ముందు బెల్టు పట్టే కొమ్ముల మధ్య ఖాళీని స్కేలుతో కొలవాలి. అది 20 మి.మీ. అయితే బెల్టు కూడా 20 ఉండాలి. 22 దూరదు, 18 వేస్తే పక్కలకు జరుగుతుంది. తర్వాత వాచీని మణికట్టు మీద పెట్టి పై కొమ్ము నుంచి కింది కొమ్ము వరకూ చూడాలి. ఆ పొడవు మణికట్టు పైభాగపు చదును దాటి బయటికి వస్తే ఏ బెల్టూ దాన్ని సరిచేయదు. గట్టిగా వంగిన చివరలున్న రబ్బరు బెల్టు ఇంకా పక్కలకు పొడుచుకొస్తుంది.

బెల్టు పొడవు కూడా ముఖ్యమే. మామూలుగా వచ్చే 120, 80 మి.మీ. ముక్కలు వీరికి ఎక్కువవుతాయి. తోక మిగిలి, బకిల్ మణికట్టు మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. పొట్టిసైజు అడగాలి. చైన్‌కు అయితే రెండువైపులా సమానంగా లింకులు తీయించాలి, లేకపోతే లాక్ పక్కకు వస్తుంది. ఒక లింకు తీస్తే బిగుతు, ఉంచితే వదులు అనిపిస్తే, లాక్ పక్కనున్న చిన్న రంధ్రాల్లో పిన్ను జరిపి రెండుమూడు మిల్లీమీటర్లు సర్దవచ్చు. ఎండకు సాయంత్రానికి మణికట్టు కాస్త ఉబ్బుతుంది కాబట్టి ఆ రంధ్రాలున్న లాక్‌నే ఎంచుకోవాలి. కొలత కూడా సాయంత్రమే తీయించాలి, చైన్ కింద చిటికెనవేలి కొన సులువుగా దూరేలా.

ఈ మనిషికి పొట్టిసైజు ఎఫ్‌కేఎం బెల్టు గానీ, సర్దుకునే లాక్ ఉన్న చైన్ గానీ సరైనది. బెల్టును వేళ్లతోనే తీసి పెట్టగలిగే క్విక్ రిలీజ్ పిన్ను ఉన్నది తీసుకుంటే, పెళ్లి రోజున అదే వాచీకి తోలు బెల్టు వేసుకోవచ్చు.